మా అమ్మ చదివిన బస్సుల పటం

మా అమ్మ ఉప్పలమ్మ చివరిసారిగా పోట్లాడింది ఒక ఆటో మైకుతో. "ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, ఎల్లిగడ్డలు" అని ముందే రికార్డు చేసిన మగగొంతు వీధి మలుపు తిరగ్గానే ఆమె గడపలోకి వచ్చి నిలబడింది.

"మొన్న పుచ్చులు అంటగట్టి పోయినవ్. మల్ల ఏ మొకం పెట్టుకొని ఒర్లుతున్నవ్?"

ఆటో నడిపే పిల్లవాడు తల బయటపెట్టి నవ్వాడు. "అవ్వా, నేనేం అనలే. అది మిషను."

"మిషనైతే ఏంది? నోరున్నది గద. నోరున్నోళ్లు జవాబు చెప్పాలె."

మైకు "ఎల్లిగడ్డలు" అంది. "గదీ, ఒప్పుకున్నది" అని అమ్మ పావుకిలో తీసుకుంది. వసారాలో కూర్చుని కొన్ని పాయలు ఒలిచింది. చాప మీద ఒరిగింది. మధ్యాహ్నం టీ కోసం లేపితే లేవలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లు పెద్దమనిషి, పుణ్యాత్మురాలు అన్నారు. ఆ మాటలేవీ ఆమెకు అతకలేదు. నాకు మాత్రం పదేపదే గుర్తొచ్చింది, మెడలో మూడు రంగుల నూలు పోగులు వేసుకుని, డిండిలో బస్సు దిగి, రోడ్డు మధ్యలో కండక్టరు మీద అరుస్తున్న అమ్మ. అసలు ఆ పోగులు మెడలోకి ఎలా వచ్చాయో చెప్పాలి.

మాది రామన్నపేట. మగ్గాల వాళ్లం. నాన్న నేసేవాడు, అమ్మ కట్టేది. కట్టడమంటే, నూలు పోగులను కట్టగా బిగించి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్క గట్టిగా చుట్టడం. తర్వాత రంగులో ముంచి, విప్పి నేస్తే చీర మీద పువ్వో చిలకో తేలుతుంది. గళ్ల కాగితం మీద గీసిన నమూనా చూసి, ఏ గడి దగ్గర ముడి, ఏ గడి దగ్గర ఖాళీ అని అమ్మ చకచకా కట్టేసేది. అంకెలు వచ్చు. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. నాన్న పోయాక మగ్గం తీసేశాం. తమ్ముడు రాజేందర్ ఊళ్లోనే కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. అమ్మ వాడి దగ్గరే ఉండేది. నేను రెండు వీధుల అవతల. నా కూతురు సింధూజ మాత్రం నా దగ్గర కంటే అమ్మ దగ్గరే ఎక్కువ ఉండేది.

అమ్మకు ఒక్కతే చెల్లెలు, అండాలు. జడ్చర్లలో ఉంటుంది. చిన్నాయన మంచం పట్టాక ఆమె రాత్రిపూట ఇల్లు కదిలే వీలు లేదు. అమ్మేమో ఒంటరిగా ఊరు దాటే వీలు లేదు. కారణం మోత్కూరు.

అప్పటికి కొన్నేళ్ల కిందట అమ్మ చిట్యాలలో పెళ్లికని బయలుదేరి, ఎవరో చూపించిన బస్సు ఎక్కి, సరిగ్గా అటు వైపు పోవాల్సింది ఇటు వైపు పోయి మోత్కూరులో దిగింది. అక్కడా బస్టాండు పక్కనే ఒక పెళ్లి జరుగుతోంది. మేళం మోగుతోంది. అమ్మ లోపలికి పోయి అక్షింతలు వేసి, బగారన్నం తిని, పెళ్లికూతురు బక్కచిక్కిందని ఎవరికో చెప్పి, చేతికిచ్చిన తాంబూలంతో వచ్చేదాకా చుట్టాలొక్కరూ కనిపించలేదేమిటా అని ఆమెకు తోచలేదు. ఇక్కడ మేము బావుల్లో కూడా వెతికాం. ఆ రోజు నుంచి రాజేందర్ ఆమెను బస్సు ఎక్కనివ్వలేదు. "నేను తోల్కపోత" అంటాడు. తోల్కపోడు. దుకాణం మూస్తే గిరాకి పోతుందంటాడు.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన తర్వాత వచ్చిన ఎండాకాలంలో అమ్మ పోరు మరీ ఎక్కువైంది. "ఊరంత ఊర్లు తిరిగొస్తాంది. నాకు ఆధార్ కార్డుంది, కాళ్లున్నయి, చెల్లెలున్నది. నేనెందుకు గీడ గోడకు బల్లి లెక్క ఉండాలె?"

సరిగ్గా అప్పుడే మా బస్టాండు గోడ మీద ఎవరో దాత పేరుతో ఒక పెద్ద బోర్డు వెలిసింది. బస్సుల పటం. రంగు రంగుల గీతలు, గీతల మీద చుక్కలు. తొమ్మిదేళ్ల సింధూజ దాన్ని చూసి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. "అవ్వా! ముగ్గు లెక్కుంది, చదువు రాకున్నా నడుస్తది, లెవ్వు!"

నేనూ వెంట పోయాను. బోర్డు ముందు జామకాయలు అమ్మే రమ గంప పెట్టుకుని కూర్చుంది. సింధూజ గంప పక్కనున్న కర్ర అడిగి తీసుకుంది. పంతులమ్మ అయిపోయింది.

"ఈ బాణం గుర్తు చూసినవా? మనం గీడ ఉన్నం. ఇది రామన్నపేట."

అమ్మ బోర్డు వైపు, కాళ్ల కింద నేల వైపు చూసుకుంది. "గంత చిన్నగనా?"

"అవ్వా, నవ్వకు. ఎర్ర గీత చూడు. మన దగ్గర మొదలై చిట్యాల, నార్కట్‌పల్లి, నల్గొండ. ఒక రంగంటే ఒక బస్సు పోయే తొవ్వ."

"గీ గీత కర్ర లెక్క సక్కగున్నదేంది? చిట్యాల తొవ్వ ఎన్ని వంపులు తిరుగుతదో నాకెర్కలేదా?"

"వంపులు తీసేసిండ్రు. వంపు కాడ నువ్వు దిగవు గద."

అమ్మ ఆలోచించింది. "నిజమే. వంపు కాడ దిగి ఏం జేస్త."

"దూరం గూడ కొలవొద్దు. గీ చుక్కకు గీ చుక్కకు జానెడే ఉన్నది, గాడా జానెడే ఉన్నది. కాని ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఈ పటం ఎంత దూరమో చెప్పది. ఏ ఊరెన్క ఏ ఊరొస్తదో చెప్తది, అంతే."

"అంటె వరుస చెప్తది."

"ఆ, వరుస!" సింధూజ ఎగిరింది. కర్ర రమ గంపకు తగిలి రెండు జామకాయలు దొర్లాయి.

అమ్మ ముందుకు జరిగి, నార్కట్‌పల్లి దగ్గర వేలు పెట్టింది. అక్కడ హైదరాబాదు నుంచి వచ్చే పసుపు గీత ఎర్ర గీతను అడ్డంగా దాటుతోంది. "గీడ దిగి పసుపు దానిల ఎక్కొచ్చా?"

"ఎక్కరాదు. గీడ గుండ్రం లేదు. గుండ్రం లేకుంటె గీతలు ఒకదాని మీదికెల్లి ఒకటి పోతయి, కలువయి. పసుపుది దూరం పోయే బస్సు. మన కోసం ఆగది."

"పడుగు మీద పేక లెక్క. తాకుతది గాని ముడి పడది."

"మరి నల్గొండ చూడు. జంట గుండ్రం. ఒకదాంట్ల ఒకటి. గీడ బస్సు మారొచ్చు. లోపల చిన్నగ అంకె ఉన్నది, కనబడ్తాందా? నీలం గీత బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడ్తదో ఆ అంకె."

అంకె అనగానే అమ్మ నిటారుగా నిలబడింది. అంకెలు ఆమె జాగా. నీలం గీత నల్గొండలో మొదలై దేవరకొండ మీదుగా డిండి, అచ్చంపేట దాకా పోతుంది. దేవరకొండలో ఇంకో జంట గుండ్రం. అక్కడి నుంచి పచ్చ గీత చారకొండ, కల్వకుర్తి, మిడ్జిల్ దాటి జడ్చర్లకు. ఇంతకాలం మేమెప్పుడు పోయినా హైదరాబాదు మీదుగానే పోయేవాళ్లం. కింది నుంచి ఇలా ఒక దారి ఉందని ఆ పటం చూసేదాకా నాకూ తట్టలేదు.

"డిండి పక్కన గీ అలలేంది?"

"ప్రాజెక్టు నీళ్లు. గుర్తుకు గీసిండ్రు. ఊరు కాదు, ఆడ దిగొద్దు."

"నీళ్లల్ల నేనెందుకు దిగుత? మరి, పచ్చ గీతకు పచ్చ బస్సు వస్తదా?"

రమ పకపకా నవ్వింది. సింధూజ నవ్వలేదు. "రాదు అవ్వా. బస్సు మీది రంగు అది పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో చెప్తది. ఏ ఊరికో చెప్పది. గీత రంగు పటంలనే ఉంటది."

"గిదొకటి మోసమే." అమ్మ గీత చివర అడ్డంగా ఉన్న చిన్న కడ్డీని తట్టింది. "గీడ ఆగిపోయింది. మరి మల్లొచ్చే తొవ్వేది? గీసుడు మర్సిండ్రా?"

"అదే గీత. ఇటుకెల్లి చదివితే పోవుడు, అటుకెల్లి చదివితే వచ్చుడు."

అమ్మ మొహం విప్పారింది. "గట్ల చెప్పు మరి! సగం కట్టి మడత పెట్టిండ్రు." మా పనిలో అలాగే చేస్తారు. పువ్వు రెండు వైపులా ఒకేలా ఉంటే పోగులను మడిచి సగమే కడతారు. మడత విప్పితే రెండో సగం తిరగబడి తనంతట తనే వస్తుంది. "కడ్డీ కాడ మడత ఉన్నది. నాకు సమజయింది. గింతదానికి బోర్డెందుకు?"

"ఆఖరుది ఒక్కటుంది." సింధూజ కర్రతో కింద మూలనున్న డబ్బా చూపించింది. "నల్ల చుక్క కాడ అన్ని బస్సులు ఆగుతయి. తెల్ల చుక్క కాడ పల్లెవెలుగు ఒక్కటే ఆగుతది, ఎక్స్‌ప్రెస్ ఆగది."

"నల్లది, తెల్లది, ఉన్నయి" అని తలూపింది అమ్మ. ఆ తలూపుడు నేను చూశాను. చేతిలో గళ్ల కాగితం ఉన్నప్పుడు ఊపే తల అది. నేర్చుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదన్నట్టు.

ఇంటికి రాగానే అమ్మ పాత పెట్టె తీసి నూలు బయటికి లాగింది. ఎర్రది, నీలిది, పచ్చది, మూడు పోగులు. బోర్డు మీది చుక్కలను తలలోంచి తీస్తూ చుక్కకో ముడి వేసింది. జంట గుండ్రం దగ్గర రేగ్గాయంత ముడి. సింధూజ తన పలక మీద ఎక్కించుకొచ్చిన పటంతో ఒక్కో ముడీ సరిచూసింది.

"ఒక్కటి గూడ తప్పలే" అంది పిల్ల, నోరు తెరుచుకుని.

అమ్మ ఆ మూడింటినీ మెడలో వేసుకుని పోయి, దుకాణంలో రాజేందర్ ముందు నిలబడింది. "నేను జడ్చర్లకు పోతున్న."

వాడు నా వైపు చూశాడు, సింధూజ వైపు చూశాడు, పోగుల వైపు చూశాడు. బల్బు పరీక్షించే తీగ పక్కన పెట్టాడు. "సరే అమ్మా. పోయి చూపించు. కాని ఎవ్వర్ని తొవ్వ అడగొద్దు. టికెట్‌కు ఊరి పేరు చెప్పుడు తప్ప తొవ్వ ముచ్చట ఎత్తొద్దు. అక్క, సింధు వెనక సీట్ల కూసుంటరు. వాళ్లు గూడ ఒక్క ముచ్చట చెప్పొద్దు. జడ్చర్ల చేరినవంటె ఇగ నీ ఇష్టమొచ్చినప్పుడు పో. చేరకుంటె నేను తోల్కపోయిన నాడే పోవుడు."

"నువ్వు తోల్కపోయే వరకు అండాలు ఫోటోకు దండ పడ్తది."

"ఒప్పుకున్నట్టేనా?"

"నువ్వే ఒప్పుకున్నవ్ బిడ్డా. మల్ల మాట మార్చకు."

తెల్లారి మొదటి పల్లెవెలుగు ఎక్కాం. అమ్మ డ్రైవరు వెనక సీటు. మేమిద్దరం చివరి సీటు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లలాగా. బస్సు ఒక్కో ఊళ్లో ఆగినప్పుడల్లా ఆమె ఎర్ర పోగు మీద ఒక ముడి దాటించి బొటనవేలు పెట్టుకుంటోంది. ఒకచోట బర్రెలు రోడ్డెక్కాయి. బస్సు ఆగింది. అమ్మ వేలు కదిలింది. కిటికీలోంచి తొంగి చూసింది. వేలు వెనక్కి తెచ్చుకుంది. "బర్రెకు ముడి లేదు" అని పక్కనున్న ఆవిడకు చెప్పింది. ఆవిడ అవునన్నట్టు తలూపి కొంచెం దూరం జరిగింది. నార్కట్‌పల్లి దగ్గర పైవంతెన మీద పెద్ద బస్సొకటి రయ్యిమని పోతుంటే అమ్మ దానికి చేయి ఊపింది. "నువ్వు పో, నీకు గుండ్రం లేదు."

సింధూజ నవ్వు ఆపుకోలేక నా ఒళ్లో మొహం దాచుకుంది.

నల్గొండలో ఎర్ర ముడులు అయిపోయాయి, బస్సూ ఆగిపోయింది. అమ్మ ప్లాట్‌ఫారాల మీది అంకెలు చూసుకుంటూ నడిచి, తనకు కావాల్సిన అంకె కింద గుంజకు ఆనుకుని నిలబడింది. "అవ్వా, ఏడికి?" అని అడిగినవాళ్లందరికీ నోటి మీద వేలు చూపించింది. ఒకాయన పాపం మూగదనుకుని అరటిపండు ఇచ్చాడు. తీసుకుంది. అంతలో అచ్చంపేట పోయే బస్సొచ్చి ఆ అంకె కింద నిలబడింది. అమ్మ ఎక్కింది. మేము వెనక తలుపు నుంచి ఎక్కాం. కండక్టరుకు "దేవరకొండ" అని ఒక్క ముక్క చెప్పి, ఆధార్ కార్డు చూపించి, సున్నా టికెట్ తీసుకుంది.

బస్సు ఊరు దాటాక సింధూజ నా చేయి గిల్లింది. "అమ్మా, ఇది ఎక్స్‌ప్రెస్."

"అయితే?"

"తెల్ల చుక్కల కాడ ఆగది! అవ్వ నల్లయి, తెల్లయి అన్నిటికి ఒక్క తీరుగనే ముడేసింది. నేను గూడ చూసుకోలే, ముడులు లెక్కకు సరిపోయినయని..."

ఎందుకలా వేసిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మా పనిలో ఖాళీ గడి కూడా గడే. రంగు లేదని దాన్ని లెక్కలోంచి వదిలేస్తే పువ్వు వంకర పోతుంది. జీవితమంతా ఖాళీ గళ్లను లెక్కపెట్టిన చేయి తెల్ల చుక్కను ఎలా వదులుతుంది?

బస్సు పల్లె మీద పల్లె దాటిపోతోంది. ఆగడం లేదు. అమ్మ వేలు మొదటి ముడుల మీదే ఉంది. ఎక్కడో పెద్ద ఊళ్లో ఆగితే ఒక ముడి దాటింది. మిగతా పోగంతా ముడులే. దాన్ని చేత్తో తడిమి చూసుకుంది. ఇంకా బోలెడు దూరం ఉందనుకుంది. అరటిపండు తిన్నది. కొంగు తలమీదికి లాక్కుంది. కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

"నిద్రపోతాంది!" సింధూజ లేచి నిలబడింది.

"కూసో. మీ మామ పెట్టిన షరతు. మనం పలకొద్దు."

"దగ్గొచ్చా?"

దగ్గడం గురించి రాజేందర్ ఏమీ అనలేదు. బస్సు దేవరకొండ బస్టాండులోకి తిరిగి ఆగింది. కండక్టరు "దేవరకొండ, దేవరకొండ" అని అరిచాడు. పిల్ల దగ్గింది. తుమ్మింది. సీటు కడ్డీ మీద తాళం వేసింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "పాపకు పానం బాగలేదా? దవాఖాన బయటనే ఉన్నది" అన్నాడు. అమ్మ కదల్లేదు. గుర్రు కూడా పెడుతోంది. స్కూలు పిల్లలు బిలబిలమని ఎక్కారు, కండక్టరు వాళ్లలో మునిగిపోయాడు, బస్సు కదిలింది.

లేపితే ఓడిపోతుంది. లేపకపోతే అచ్చంపేట పోతుంది. సింధూజ తన జడ చివర నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. నాకు ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం నవ్వు. ఎంత ఆపుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి. మోత్కూరు పెళ్లి గుర్తొచ్చింది. అచ్చంపేటలో ఇవ్వాళ ఎవరి పెళ్లుందో అనుకున్నాను.

డిండి దగ్గర పడగానే కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. అమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా నీళ్లు, ఎండకు తళతళలాడుతూ. ఆమె నీళ్లను చూసింది. మెడలోని పోగులు చూసుకుంది. మళ్లీ నీళ్లు చూసింది. పచ్చ పోగు పట్టుకుని గట్టిగా, ఎవరితోనూ కాకుండా అంది.

"పచ్చ గీత పక్కన నీళ్లు లేవు. నీళ్లున్నది నీలం గీత పక్కన. గుండ్రం దాటొచ్చిన!"

లేచింది. "ఆపు! ఆపు బిడ్డా!"

కండక్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఏందవ్వా? నీది దేవరకొండ టికెట్టు గద! గాడనే దిగాలె!"

"దిగుదామనే అనుకున్న. నిద్ర దిగనియ్యలే."

డిండిలో బస్సు ఆగింది. అమ్మ కిందికి దిగింది. కండక్టరు మంచివాడు, తనూ రెండు మెట్లు దిగి, "అవ్వా, ఇగో గటు పక్కకు పోయి..." అంటూ చేయి ఎత్తాడు.

"చెప్పకు!" అమ్మ చెవులు రెండూ మూసుకుని రోడ్డు మధ్యలోకి పోయింది. "చెప్తె ఓడిపోత! నీకు దండం పెడ్త, నోరు మూస్కో!"

ఆయన చేయి అలాగే గాల్లో ఉండిపోయింది. నేనూ సింధూజా తలవంచుకుని ఆయన పక్కనుంచి దిగిపోయాం. "మీరెవరమ్మా?" అన్నాడు. మేమూ పలకలేదు. డిండి నుంచి ఆ బస్సు కొంచెం భయపడినట్టే పోయింది.

అమ్మ అవతలి పక్కకు చేరి నీలం పోగును తిప్పి పట్టుకుంది. మడత విప్పుతోంది. డిండి ముడి మీద వేలు పెట్టి, అక్కడి నుంచి రేగ్గాయంత ముడి దాకా వెనక్కి తడిమింది. ఎదురుగా వచ్చిన బస్సుకు చేయెత్తింది. అది పల్లెవెలుగు. ప్రతి ఊళ్లో ఆగింది, ప్రతి ముడికీ ఆగింది. రెండు మూడు ఊళ్లు పోయాక అమ్మ నుదురు కొట్టుకున్న చప్పుడు చివరి సీటు దాకా వినిపించింది.

"నల్ల సుక్కల బండెక్కి తెల్ల సుక్కలు లెక్కబెట్టిన! పొల్ల చెప్పనే చెప్పింది! నా తలకాయకు పుచ్చు పట్ట!"

సింధూజ సీటు మీద నిలబడి, శబ్దం రాకుండా చప్పట్లు కొట్టింది.

దేవరకొండలో దిగి అంకె కిందికి పోయి, బస్సు వచ్చేలోపు అమ్మ ఒక పని చేసింది. పచ్చ పోగు ఒళ్లో పరుచుకుని, కళ్లు మూసుకుని, బోర్డును తలలోకి తెచ్చుకుని, నల్ల చుక్కలున్న చోటల్లా ముడి మీద ముడి వేసింది. పల్లెవెలుగు వస్తే అన్ని ముడులు, ఎక్స్‌ప్రెస్ వస్తే లావు ముడులు. వచ్చింది ఎక్స్‌ప్రెస్. చారకొండ దాటింది. కల్వకుర్తిలో లావు ముడి, మిడ్జిల్‌లో లావు ముడి. ఈసారి నిద్ర కాదు కదా, రెప్ప కూడా వేయలేదు. జడ్చర్ల బస్టాండులో కాలు పెట్టి, వెనక్కి తిరిగి, ఆ రోజంతటిలో మొదటిసారి మమ్మల్ని గుర్తుపట్టినట్టు చూసింది.

"ఏమే, మీరు గూడ వచ్చిండ్రా? ఎవర్ని అడిగొచ్చిండ్రు?"

అండాలు చిన్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అక్కను చూసి చాట వదిలేసింది. కోళ్లకు పండగైంది. ఇద్దరూ పట్టుకుని ఊగుతూ, ఒకేసారి మాట్లాడుతూ, ఒకరి మాట ఒకరు వినకుండా చాలాసేపు అలాగే ఉన్నారు. మంచం మీది నుంచి చిన్నాయన, "ఎవలే? ఏమైందే?" అంటున్నా ఎవరూ చెప్పలేదు.

నేను రాజేందర్‌కు ఫోన్ చేశాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను, డిండితో సహా.

"దాటిపోయింది గద అక్కా. ఫెయిలే."

సింధూజ ఫోన్ లాక్కుంది. "మామా! ఎవ్వర్ని అడగొద్దన్నవ్. అడగలే. చెప్పేటాయన గూడ చెప్పకుంట చెవులు మూస్కున్నది. జడ్చర్ల చేరాలన్నవ్. చేరింది. తొవ్వ తప్పొద్దని నువ్వు అన్నవా? చెప్పు, అన్నవా?"

అవతలి నుంచి రాజేందర్ గొంతు, "గది గూడ అనాల్సింది."

అమ్మ ఫోన్ అందుకుంది. "బిడ్డా, నువ్వు చెప్పిన దానికంటె ఒక ఊరు ఎక్కువే చూసొచ్చిన. మార్కులు తీసేసుడు కాదు, ఎక్కువెయ్యి."

వాడు నవ్వడం మొదలుపెట్టాక ఇక ఏం చేయగలడు? మరునాడు తిరుగు ప్రయాణంలో అమ్మ పోగులను తిప్పి పట్టుకుని మమ్మల్నే తీసుకొచ్చింది. ఏ ఊరొస్తోందో ముందే చెబుతూ, చివరికి డ్రైవరుకు కూడా చెప్పబోయింది.

ఆ తర్వాత ఆమెను ఆపినవాళ్లు లేరు. నెలకోసారి, ఒక్కో నెల రెండుసార్లు, తెల్లవారుజామునే టిఫిను డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని బస్టాండుకు పోయేది. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండేది. "చిన్నమ్మ ఎట్లున్నదే?" అంటే ముచ్చట్లన్నీ చెప్పేది. చిన్నాయన ఎన్ని ముద్దలు తిన్నాడు, పక్కింటివాళ్లు గోడ ఎటు జరిపారు, అన్నీ. మేము సంతోషించాం. ఇప్పుడు బస్సులు బాగా పెరిగాయని రాజేందర్ అనేవాడు.

అమ్మ పోయిన పదోనాడు అండాలు చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. చిన్నాయనను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చిందట. రాజేందర్ ఆమెను బస్టాండు నుంచి తీసుకురావడానికి స్కూటర్ తీస్తుండగానే ఆమె గడపలో నిలబడి ఉంది. మెడలో పోగులు, ఎర్రది, నీలిది, పచ్చది. ఆమెకూ చదువు రాదు.

"చిన్నమ్మా, ఇంత దూరం ఒక్కదానివి ఎట్ల వచ్చినవ్?"

"సగం తొవ్వ నాకు ఎప్పుడో అలవాటే గద బిడ్డా."

నాకు అర్థం కాలేదు. ఆమె కళ్లు తుడుచుకుని కూర్చుని చెప్పింది. పోగులు కట్టుకున్నాక అమ్మ వాళ్లింటికి వచ్చింది ఆ ఒక్కసారేనట, మేము వెంట ఉన్నప్పుడు. జడ్చర్ల దాకా పోతే ఒక్క రోజులో రామన్నపేటకు మళ్లి రావడం అయ్యే పని కాదు. ఆ లెక్క మాలో ఎవరం వేయలేదు. రాత్రి ఉంటే మంచాన మనిషి ఉన్న ఇంట్లో చెల్లెలికి ఇంకో పని పెరుగుతుందని అమ్మకు ఇష్టం లేకపోయింది. ఆ మొదటి రాత్రే చెల్లెలికి కూడా పోగులు కట్టి ఇచ్చి, "పటంల మనిద్దరి నడుమ జంట గుండ్రమున్నదే అండాలూ. నేను ఇటుకెల్లి వస్త, నువ్వు అటుకెల్లి రా" అందట.

అందుకని ఇద్దరూ దేవరకొండ బస్టాండులో కలుసుకునేవాళ్లు. ఫ్యాను కింది బెంచీ మీద కూర్చుని, డబ్బాలు మార్చుకుని తిని, మధ్యాహ్నం బస్సులకు ఒకరిని ఒకరు ఎక్కించుకునేవాళ్లు. వాళ్లను చూసీ చూసీ, అక్కడి టీ కొట్టాయన ఇద్దరిదీ దేవరకొండే అనుకునేవాడట.